మా ఆయన జుట్టుకు రంగు, కొత్త చొక్కాలు, మారిన టైమింగులు: అడగాలా, ఆగాలా?

నిజాంపేట_నివాసి | నవంబరు 6, 2025, రాత్రి 11:40

పేరు చెప్పుకోలేను, ఏమీ అనుకోకండి. పెళ్లై పద్నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. మా ఆయనకు 41. గచ్చిబౌలి వైపు ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ మేనేజర్, అక్కడే పదకొండేళ్లుగా ఉన్నారు.

వినాయక చవితి దాటినప్పటి నుంచి మనిషి మారిపోయారు. ఎప్పుడూ వేయని రంగు జుట్టుకు వేశారు. గడ్డం తీసేశారు. లేత నీలం, తెలుపు చొక్కాలు నాలుగు కొన్నారు, మామూలుగా అయితే దసరాకి కూడా నేను లాక్కెళ్లాలి. ఆరు కిలోలు తగ్గారు, 78 నుంచి 72కి. ఇదివరకు పొద్దున 7:40కి ఆఫీసు క్యాబ్ ఎక్కేవారు, ఇప్పుడు తొమ్మిదిన్నరకి బండి మీద వెళ్తున్నారు. రాత్రి తొమ్మిది దాటాక బాల్కనీ తలుపు వేసుకుని ఇంగ్లీషులో మాట్లాడతారు. ఫోను బోర్లా పెడతారు. మొన్న తెర మీద ఒక అమ్మాయి పేరుతో మెసేజ్ మెరిసింది, "డన్ సర్, రేపు మాట్లాడదాం" అని.

మా తోటికోడలితో అంటే "నీకింకా అర్థం కాలేదా?" అంది. అప్పటి నుంచి నిద్ర లేదు. ఫోను చూడనా? నేరుగా అడగనా? ఏమీ లేకపోతే ఆయన ముఖం ఎలా చూడాలి?

గోదారి_గాలి | నవంబరు 6, 11:58

చెల్లీ, రంగు, చొక్కాలు, అమ్మాయి మెసేజ్. ఇంకా ఏం కావాలి? నలభై దాటిన మగాడు ఉన్నట్టుండి సోకులు పడ్డాడంటే పెళ్లాం కోసం మాత్రం కాదు. ముందు ఫోను పట్టుకో. ఆయన నిద్రపోయాక వేలు పెడితే తెరుచుకుంటుంది. అడిగితే చెరిపేస్తాడు, అందుకే అడక్కు. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసినా చెల్లుతుందని మొన్న జులైలో సుప్రీంకోర్టే చెప్పింది.

బెజవాడ_బాబాయ్ | నవంబరు 7, ఉదయం 6:15

అమ్మా, ఆయన వాడిన రంగు ఏదో చెప్తావా? నాకు వేసుకున్న రెండో రోజే నెత్తి మంట, చెవుల వెనక పొక్కులు. మీ ఆయనకి అలాంటివేమీ రాలేదా?

వకీలు_వరంగల్ | నవంబరు 7, 8:05

గోదారి గారూ, సగం చెప్పి వదిలేశారు. 2025 జులై 14 నాటి ఆ తీర్పు విడాకుల కేసులో, భర్త రికార్డు చేసిన సంభాషణలను కోర్టు సాక్ష్యంగా పరిశీలించవచ్చా అన్న ప్రశ్న మీద. పరిశీలించవచ్చు అన్నారు. అంతే గానీ మొగుడి ఫోనులో యాప్ పెట్టుకోండని ఎవరూ లైసెన్సు ఇవ్వలేదు. ఆయనకు తెలియకుండా ఫోనులో నిఘా సాఫ్ట్‌వేర్ పెడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందకు వస్తుంది. మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాల్ డేటా తెప్పిస్తామనే ప్రైవేటు డిటెక్టివుల జోలికి అసలు వెళ్లకండి. అది పోలీసులు చట్టం ప్రకారం అడిగి తెప్పించుకునేది, బయట డబ్బుకి అమ్మేది కాదు.

ఇంకో మాట. ఇప్పటిదాకా ఇక్కడ ఉన్నది ఒక మెసేజు, నాలుగు చొక్కాలు. నా దగ్గరకు ఇంతకంటే ఎక్కువ పట్టుకొచ్చి, తర్వాత ఏమీ లేదని తేలి, అప్పటికే రెండు కుటుంబాల్లోనూ మాట పడిపోయి, వెనక్కి తీసుకోలేక కూర్చున్నవాళ్లను చూశాను. మీ తోటికోడలికి ఇక మీద ఏమీ చెప్పకండి.

కర్నూలు_సిస్టర్ | నవంబరు 7, 9:30

నేను ఇరవై రెండేళ్లుగా నర్సుని. మీరు రాసిన వాటిలో నా కన్ను పడింది చొక్కాల మీద కాదు, ఆరు కిలోల మీద. జిమ్‌కి వెళ్తున్నారా? తిండి తగ్గించారా? రెండూ కాకపోతే 78 కిలోల మనిషి రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గడాన్ని వదిలేయకూడదు. దాహం ఎక్కువగా ఉందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, చేతులు వణుకుతున్నాయా, గుండె దడ ఉందా చూడండి. షుగరు, థైరాయిడ్ రెండూ ముందు మనిషిని పీల్చేస్తాయి.

మా బావగారి కథ ఇదే. చిక్కిపోయారు, రాత్రిళ్లు నాలుగైదు సార్లు లేచేవారు, లేచినప్పుడల్లా ఫోను పట్టుకెళ్లేవారు. మా అక్క ఇంట్లో యుద్ధం చేసింది. పరగడుపు షుగరు 280 వచ్చింది. ఫోను ఎందుకు పట్టుకెళ్లేవారంటే, టార్చి లైటు కోసం!

హెచ్ఆర్_మాజీ | నవంబరు 7, మధ్యాహ్నం 1:10

పదిహేడేళ్లు ఐటీ కంపెనీల్లో హెచ్ఆర్‌లో పనిచేసి మానేశాను. నాకు వేరే అనుమానం వస్తోంది. చెప్పే ముందు కొన్ని అడుగుతాను. జవాబు తెలిస్తేనే రాయండి. దేన్నీ వెతక్కండి, ఇప్పటికే కంటపడిన వాటి గురించే అడుగుతున్నాను.

మెడలో వేసుకునే ఆఫీసు ట్యాగ్ ఇంట్లో ఈ మధ్య కనిపించిందా? రోజూ తెచ్చే ల్యాప్‌టాప్ అదేనా? జీతం ఏ ఖాతాలో పడుతుంది, గత మూడు నెలలు తేదీ మారిందా? రాత్రి కాల్స్ శని, ఆదివారాలు కూడా ఉంటాయా? అప్పుడు పైన చొక్కా, కింద లుంగీ ఉంటోందా?

నిజాంపేట_నివాసి | నవంబరు 7, 3:45

చివరి ప్రశ్నకి నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. అవునండీ, పైన ఇస్త్రీ చొక్కా, కింద షార్ట్స్. సెలవులోకి వెళ్లిన క్లయింటు బదులు ఇంకొకరు వచ్చారు, కెమెరా పెట్టమంటున్నారు అన్నారు.

ట్యాగ్ తలుపు వెనక మేకుకి తగిలించేవారు. మీరు అడిగాక చూస్తే లేదు. ఎప్పటి నుంచి లేదో తెలీదు. ల్యాప్‌టాప్ బ్యాగు అదే, కానీ అల్మారాలో ఉండాల్సిన మా పాత ఇంటి ల్యాప్‌టాప్ కనిపించట్లేదు. శని, ఆదివారాలు కాల్స్ ఉండవు.

జీతం ఆయన ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి ప్రతి నెలా 1న మా జాయింట్ ఖాతాకి వస్తుంది. ఇంటి లోను కిస్తీ 42,600 అందులోంచే 5న పోతుంది. ఆగస్టు, సెప్టెంబరు డబ్బు మామూలుగానే వచ్చింది. ఈసారి మాత్రం 4న వచ్చింది, అదీ ఆయన వేరే బ్యాంకు ఖాతా నుంచి. ఆ ఖాతాలో మేము పాప చదువుకని డబ్బు వేస్తాం.

నాకు కాళ్లలో ఓపిక లేదు. ఇది మీరు అనుకుంటున్నదేనా?

హెచ్ఆర్_మాజీ | నవంబరు 7, 5:20

ఖాయంగా చెప్పలేను. కానీ ఉద్యోగం పోయి ఉండొచ్చు.

ఎందుకు అనుకుంటున్నానంటే, ఈ కథలో మిగతా ఊహలు ఒకటి రెండు విషయాలకే సరిపోతాయి. వేరే మనిషి ఉంటే చొక్కాలు, మెసేజు అర్థమవుతాయి. కానీ ట్యాగ్ ఎందుకు మాయమవుతుంది, పాత ల్యాప్‌టాప్ ఎందుకు బయటికి వస్తుంది, అలాంటి కాల్స్‌కి శని, ఆదివారాలు సెలవు ఎందుకు? జబ్బు అయితే బరువు అర్థమవుతుంది, చొక్కాలు అర్థం కావు. ఉద్యోగం పోతే అన్నీ ఒకేసారి కుదురుతాయి. పాతికేళ్ల కుర్రాళ్లతో పోటీ పడి వీడియో ఇంటర్వ్యూకి కూర్చునే నలభై దాటిన మేనేజర్ మొదట చేసేది తెల్ల వెంట్రుకలు దాచడం. నేను ఇంటర్వ్యూలు చేసిన రోజుల్లో కెమెరాకి ఆ చివర చెవి పక్కన రంగు మరక కనిపించేది, పాపం అనిపించేది. లేత రంగు చొక్కా వేసుకోమని ప్రతి కన్సల్టెంటూ చెప్తాడు. అమెరికా వాళ్లతో మాట్లాడాలంటే మనకి రాత్రి తొమ్మిదే.

జీతం విషయం మీకు ఎందుకు తెలియలేదో కూడా చెప్తాను. చాలా చోట్ల మనిషిని తీసేసే రోజే ల్యాప్‌టాప్, ట్యాగ్ తీసేసుకుంటారు, క్యాబ్ ఆపేస్తారు, కానీ నోటీసు కాలం రెండు నెలలకి జీతం మామూలు తేదీకే వేస్తారు. ఖాతా చూసేవాళ్లకి ఏమీ తెలియదు. ఆగస్టు ఆఖర్లో చెప్పి ఉంటే అక్టోబరు ఆఖర్లో ఆ ముసుగు తొలగుతుంది. మీకు తేడా వచ్చింది సరిగ్గా అప్పుడే.

ఒకప్పటి_నేను | నవంబరు 7, 7:00

ఇక్కడ అందరూ మంచి మనసుతో ఆమెను చల్లబరుస్తున్నారు. నాకు కూడా ఇలాగే చెప్పారు, "ఆఫీసు ఒత్తిడి అమ్మా" అని. రెండేళ్లు నమ్మాను. నా విషయంలో నిజంగా వేరే మనిషే ఉంది. కాబట్టి ఇదంతా ఉద్యోగమే అని కూడా తేల్చేయకండి. అది కూడా తొందరపాటే కదా?

హెచ్ఆర్_మాజీ | నవంబరు 7, 7:25

ఒప్పుకుంటున్నాను, నాది కూడా ఊహే. మీకు ముందు ఏం కనిపించింది, చెప్పగలిగితే చెప్పండి.

ఒకప్పటి_నేను | నవంబరు 7, 7:50

బట్టలు కాదు. డబ్బు లెక్క తేలకపోవడం, అడిగిన ప్రతిసారీ కథ మారడం. ముందు ఆఫీసు పార్టీ అన్నాడు, నెల తర్వాత అదే రోజు గురించి అడిగితే స్నేహితుడి ఇల్లు అన్నాడు. పైగా నేను ఏదైనా అడిగితే నా మీదే తిరగబడేవాడు, నీకు పిచ్చి పట్టింది అని. ఈమె భర్త దిగులుగా ఉన్నాడో, చిరాగ్గా ఉన్నాడో ఆమె రాయలేదు.

నిజాంపేట_నివాసి | నవంబరు 7, 8:30

చిరాకు లేదు. అసలు మాట లేదు. పిల్లలతో మునుపటికంటే ఎక్కువ ఆడుతున్నారు. నిన్న బాబు చెప్పులు అడిగితే "వచ్చే నెల కొందాం నాన్నా" అన్నారు, ఎప్పుడూ అలా అనరు.

డల్లాస్_తమ్ముడు | నవంబరు 7, 9:15 (ఇక్కడ ఇంకా పొద్దున్నే)

అక్కా, నేను అచ్చం ఇదే చేశాను కాబట్టి రాస్తున్నాను. హెచ్‌1బీ మీద ఉన్నవాడిని ఉద్యోగం లోంచి తీసేస్తే 60 రోజులే ఉంటాయి. ఆలోపు ఇంకో కంపెనీ మన తరఫున దరఖాస్తు వేయాలి, లేదా వీసా రకం మార్చుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. నేను అందులో 34 రోజులు మా ఆవిడకి చెప్పలేదు. రోజూ స్నానం చేసి, చొక్కా వేసుకుని, కారు తీసి, పబ్లిక్ లైబ్రరీ పార్కింగులో కూర్చునేవాణ్ని. లోపల మాట్లాడకూడదు కాబట్టి ఇంటర్వ్యూలు కారులోనే. రిక్రూటర్లలో సగం మంది అమ్మాయిలే, వాట్సాప్ నిండా వాళ్ల పేర్లే. మా ఆవిడ కూడా అదే అనుకుంది.

ఎందుకు చెప్పలేదని అడిగితే ఇప్పటికీ సరైన జవాబు లేదు. రేపు ఆఫర్ రాగానే చెప్దాం, పోయింది, వచ్చింది రెండూ ఒకేసారి చెప్దాం అనుకున్నాను. రోజు గడిచేకొద్దీ చెప్పాల్సింది రెండింతలైంది. ఉద్యోగం పోయిందని ఒకటి, ఇన్నాళ్లు అబద్ధమాడానని ఇంకొకటి. రెండోది మొదటిదానికంటే బరువైపోయింది.

మా ఆవిడ మొదట "ఎవరది?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది, నిజంగానే. ఆ కోపం చాటున ఇంకో పది రోజులు దాక్కున్నాను. ఆ తర్వాత ఒకసారి వంటగదిలో, నా వైపు చూడకుండా, "ఈ నెల ఇన్సూరెన్సు కోత పడలేదేంటి, పే స్లిప్ రాలేదా?" అంది. అంతే. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఎవరో అని అడిగితే కాదు అని చెప్పి తప్పించుకోవచ్చు, పే స్లిప్ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

గోదారి_గాలి | నవంబరు 7, 9:40

తమ్ముడూ, 34 రోజులు పెళ్లాన్ని పిచ్చిదాన్ని చేయడం కూడా మోసమే. దాన్ని చిన్నది చేసి మాట్లాడకు.

డల్లాస్_తమ్ముడు | నవంబరు 7, 9:52

చేయట్లేదు. ఆవిడ కూడా అదే అంటుంది.

కర్నూలు_సిస్టర్ | నవంబరు 7, 10:10

అడిగేటప్పుడు పిల్లలు పడుకున్నాక, కాల్ లేని రోజు చూసుకోండి. మీరు చూసింది మాత్రమే చెప్పండి. "డబ్బు 4న వేరే ఖాతా నుంచి వచ్చింది, ఆరు కిలోలు తగ్గారు, నాకు భయంగా ఉంది" అని. అమ్మాయి మెసేజు ఆ రోజుకి వదిలేయండి, అది ముందు తీస్తే మాట అంతా అటే పోతుంది.

నిజాంపేట_నివాసి | నవంబరు 9, ఉదయం 10:20

శనివారం రాత్రి అడిగాను. సిస్టర్ గారు చెప్పినట్టే అందామనుకున్నా, నోట్లోంచి "పాప డబ్బు ఎందుకు తీశారు?" అని వచ్చింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బ్యాగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. ఆగస్టు 22 తేదీ వేసి ఉంది. ఆ రోజు మధ్యాహ్నం పదిహేను నిమిషాల మీటింగులో చెప్పారట, సాయంత్రానికి ట్యాగ్ ఇచ్చేసి వచ్చారట. చివరి పని దినం అక్టోబరు 21 అని రాశారు.

రోజూ ఎక్కడికి వెళ్తున్నారంటే, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి. గ్రూప్స్ చదివే పిల్లల మధ్య కూర్చుని కోడింగ్ నేర్చుకుంటున్నారట. నేను కట్టిన బాక్సు అక్కడ చెట్టు కింద సగం తిని, మిగతాది పక్కన ఉన్న కుర్రాడికి పెట్టేవారట. బరువు తగ్గడం అందుకే అన్నారు. రెండు నెలల్లో పందొమ్మిది ఇంటర్వ్యూలు, రెండు చోట్ల చివరి రౌండు దాకా వెళ్లారు.

మెసేజు పెట్టిన అమ్మాయి ఒక కన్సల్టెన్సీ అట. విదేశీ కంపెనీలో ఉద్యోగం ఖాయం, ముందు రిజిస్ట్రేషన్, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ చెకింగ్ అని మూడు దఫాల్లో 38,000 యూపీఐలో కట్టించుకున్నారు. రేపు మాట్లాడదాం అన్న రేపు ఇంకా రాలేదు. ఇది చెప్పేటప్పుడే ఆయన ఏడ్చారు, ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు కాదు.

నాకు కోపంగానే ఉంది. రెండున్నర నెలలు రోజూ పొద్దున బాక్సు కట్టించుకుని వెళ్లారు. నేనేమో ఇక్కడ ఆయన గురించి ఏమేమో రాశాను. ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

హెచ్ఆర్_మాజీ | నవంబరు 9, 11:00

ముందు ఆ 38,000 సంగతి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోరు, తీసుకున్నారంటే అది దొంగ కన్సల్టెన్సీ. ఈరోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. యూపీఐ లావాదేవీ నంబర్లు, మెసేజుల స్క్రీన్‌షాట్లు ఉంచుకోండి, కోపంలో నంబరు బ్లాక్ చేసి చాట్ చెరిపేయకండి. డబ్బు కట్టి ఎన్నాళ్లయింది? గంటల్లో చెప్తే ఆపగలిగే అవకాశం ఎక్కువ. వారాలు దాటితే నేను ఆశ పెట్టలేను.

రెండోది గ్రాట్యుటీ. ఐదేళ్లు దాటితే వస్తుంది, ఆయనవి పదకొండు. ఆఖరి బేసిక్ జీతాన్ని 26తో భాగించి, 15తో, తర్వాత 11 ఏళ్లతో గుణించండి. బేసిక్ 60,000 అనుకుంటే దాదాపు 3 లక్షల 80 వేలు. ఉద్యోగం వదిలిన 30 రోజుల్లో ఇవ్వాలి, అంటే ఈ నెల 20 ప్రాంతానికి. రాకపోతే మెయిల్ పెట్టమనండి, ఫోన్ చేసి ఊరుకోవద్దు.

మూడోది, మీకు తట్టి ఉండదు. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్సు సాధారణంగా చివరి పని దినంతోనే ఆగిపోతుంది. అందులో ఎవరెవరు ఉన్నారు?

నిజాంపేట_నివాసి | నవంబరు 9, 11:30

డబ్బు కట్టి మూడు వారాలు దాటింది.

మా అత్తయ్య ఉన్నారు. ఈ నెల 24న ఆమెకి కంటి శుక్లం ఆపరేషన్, ఇన్సూరెన్సు ఉంది కదా అని తేదీ కూడా తీసుకున్నాం. ఆయన కూడా ఇప్పుడే చూసి తల పట్టుకున్నారు. ఆమెకి, మా నాన్నకి ఉద్యోగం సంగతి చెప్పొద్దంటున్నారు. ఆపరేషన్ ఎందుకు వాయిదా వేశామని అడిగితే మళ్లీ ఇంకో అబద్ధం ఆడాలి. నాకు అది ఇష్టం లేదు, ఇంకా తెగలేదు.

కర్నూలు_సిస్టర్ | నవంబరు 9, 12:15

శుక్లం ముదరకపోతే కొన్ని వారాలు ఆగొచ్చు, కంటి డాక్టర్‌ని అడిగి నిర్ణయించండి. ప్రభుత్వాసుపత్రిలో కూడా చేస్తారు. ఆయనకి మాత్రం పరగడుపు షుగరు, మూడు నెలల షుగరు, థైరాయిడ్ చేయించండి. సగం బాక్సు తినడం వల్లే అని ఆయన అంటున్నారు, పరీక్ష అనలేదు కదా.

నిజాంపేట_నివాసి | నవంబరు 12, రాత్రి 9:05

థైరాయిడ్ మామూలుగానే ఉంది. మూడు నెలల షుగరు 6.1 వచ్చింది. హద్దు మీద ఉంది, మందులు వద్దు, నడవమన్నారు డాక్టరు. 1930లో ఫిర్యాదు నంబరు ఇచ్చారు, డబ్బు సంగతి తెలీదు. అత్తయ్యకి ఆయనే చెప్పారు. ఆమె "ఆ పిల్లకి ఎప్పుడు చెప్పావు?" అని ముందు నా సంగతి అడిగారట.

నేను ఇక్కడ రాసింది ఆయనకి చూపించాను. మొత్తం చదివి, లుంగీ ప్రశ్న దగ్గర ఆగి నవ్వారు. గోదారి గారి పోస్టు రెండుసార్లు చదివారు, ఏమీ అనలేదు.

అతిథి_2291 | నవంబరు 12, 11:48

పైన అంతా చదవలేదు. మొదటి పోస్టు చూస్తే క్లియర్‌గా అఫైర్. లాయర్‌ని పెట్టుకోండి.

బెజవాడ_బాబాయ్ | నవంబరు 13, ఉదయం 6:20

అమ్మా, రంగు పేరు ఇంకా చెప్పలేదు.

నిజాంపేట_నివాసి | నవంబరు 13, 7:10

మానేశారు బాబాయ్ గారూ. నిన్నటి ఇంటర్వ్యూకి తెల్ల వెంట్రుకలతోనే కూర్చున్నారు. మీకు పొక్కులు వస్తున్నాయంటే ఏ కంపెనీదైనా వేసుకోకండి, చర్మం డాక్టర్‌కి చూపించండి.